పోలింగా, పుష్షా? మెయిల్ ఆలస్యం, బ్యాటరీ ఖర్చు లెక్క

జీమెయిల్ యాప్‌లో జీమెయిల్ అకౌంట్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ గొడవ లేదు. వాళ్లకు మెయిల్ రాగానే ఫోన్‌కు కబురు వచ్చే పుష్ ముందే ఉంటుంది, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. చిక్కంతా సొంత డొమైన్ కొనుక్కుని, హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన మెయిల్‌బాక్స్‌ను ఫోన్‌లో చూసుకునేవాళ్లది. కోఠిలో సర్జికల్ సామాన్ల డీలర్లు, బాలానగర్ వర్క్‌షాపులవాళ్లు, హిమాయత్‌నగర్‌లో సీఏ ఆఫీసులు, ఇలాంటివాళ్లు హైదరాబాద్‌లో తక్కువేం లేరు. వీళ్ల నోట వినిపించే ఫిర్యాదులు రెండే: మెయిల్ ఆలస్యంగా వస్తోందనీ, బ్యాటరీ సాయంత్రం దాకా ఆగట్లేదనీ. చాలాసార్లు ఒకదాన్ని బాగుచేయబోతే రెండోది మొదలవుతుంది.

ముందు దారులేమిటో చూద్దాం. పోలింగ్ అంటే యాప్ ఇన్ని నిమిషాలకోసారి సర్వర్‌కు వెళ్లి కొత్త మెయిల్ ఉందా అని అడగడం. వెళ్లిన ప్రతిసారీ కనెక్షన్ తెరవాలి, గుప్తీకరణ మాటలు నడవాలి, లాగిన్ కావాలి, ఇన్‌బాక్స్ తెరవాలి. ఏమీ లేకపోయినా ఈ తతంగం తప్పదు.

రెండోది ఐడిల్. యాప్‌లు మెయిల్ సర్వర్‌తో మాట్లాడే పద్ధతి పేరు ఐమ్యాప్, ఇది అందులోనే ఉన్న ఒక కమాండ్. 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2177 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది. యాప్ ఒకసారి కనెక్ట్ అయి, "ఏదైనా వస్తే చెప్పు" అని ఆ లైను మూయకుండా పట్టుకుని కూర్చుంటుంది. చాలా మెయిల్ యాప్‌లు సెట్టింగుల్లో దీన్నే పుష్ అని పిలుస్తాయి. అసలు పుష్‌కూ దీనికీ బ్యాటరీ విషయంలో చాలా తేడా ఉంది కాబట్టి రెంటినీ కలపకండి.

మూడోది అసలు పుష్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ ప్లే సర్వీసెస్, ఐఫోన్‌లో ఆపిల్ వ్యవస్థ తమ తమ సర్వర్లకు ఒక్క కనెక్షన్ ఎప్పుడూ పట్టుకుని ఉంటాయి. ఫోన్‌లో ఎన్ని యాప్‌లున్నా నోటిఫికేషన్లన్నీ ఆ ఒక్క లైన్లోనే వస్తాయి. చాటింగ్ యాప్ కోసం ఆ లైను ఎలాగూ తెరిచే ఉంటుంది కాబట్టి, అందులో మెయిల్ కబురు కూడా వస్తే ఎదురుచూసినందుకు అదనపు ఖర్చు దాదాపు లేనట్టే.

ఇక బ్యాటరీ. మెయిల్ యాప్ తెచ్చే డేటా చాలా కొంచెం, బ్యాటరీని తినేది అది కాదు. ఫోన్‌లో నెట్‌వర్క్‌తో మాట్లాడే 4జీ రేడియో ఒకసారి లేచిందంటే పని రెండు సెకన్లలో అయిపోయినా వెంటనే పడుకోదు. ఇంకేమైనా వస్తుందేమోనని సుమారు 10 సెకన్లు పూర్తి మెలకువలో ఉంటుంది. ఆ గడువు నెట్‌వర్క్ నిర్ణయించేది, మీ చేతిలో ఉండదు. దిగి రెండు నిమిషాల్లో వస్తానన్నా ఆటో మీటర్‌లో వెయిటింగ్ పడుతూనే ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే. కాబట్టి ఎంత డేటా వచ్చిందని కాకుండా రేడియో ఎన్నిసార్లు లేచిందని లెక్కపెట్టాలి. వైఫైలో పని అయ్యాక మిగిలే ఈ మెలకువ చాలా చిన్నది. ఇల్లు, ఆఫీసు దాటని ఫోన్ అయితే కింది లెక్కలు పట్టించుకోనక్కర్లేదు. రోజంతా బండి మీద తిరిగే మనిషికి మాత్రం ఇవే ముఖ్యం.

ఒకసారి లేస్తే మొత్తం 12 సెకన్లు అనుకుందాం. 15 నిమిషాలకోసారి పోలింగ్ అంటే రోజుకు 96 సార్లు, అంటే 19 నిమిషాల మెలకువ. అదే 5 నిమిషాలకోసారి అయితే 288 సార్లు, గంటకు కాస్త తక్కువ. మీకు మెయిల్ ఒక్కటి వచ్చినా, వంద వచ్చినా, అసలు రాకపోయినా ఈ ఖర్చు ఇంతే. పుష్ ఖర్చు అలా కాదు. రోజుకు 40 మెయిళ్లు వస్తే 40 సార్లు లేస్తుంది, 8 నిమిషాలతో సరి. 200 వస్తే మాత్రం 40 నిమిషాలు. అప్పుడది 15 నిమిషాల పోలింగ్‌కు రెట్టింపు ఖర్చు. పోలింగ్ ఖర్చు గడియారాన్ని బట్టి, పుష్ ఖర్చు వచ్చే మెయిళ్లను బట్టి. పుష్ ఎప్పుడూ చవకే అనుకునేవాళ్లు ఆఫర్ మెయిళ్లతో నిండిన తమ ఇన్‌బాక్స్‌ను ఒకసారి చూసుకోవాలి. ఇవన్నీ పైఅంచనాలని కూడా గుర్తుంచుకోండి. వేరే యాప్ కోసం రేడియో అప్పటికే లేచి ఉన్నప్పుడు మెయిల్ పని ఉచితంగా జరిగిపోతుంది.

ఐడిల్‌కు రెండు ఖర్చులూ ఉంటాయి. మెయిల్ వచ్చినప్పుడు లేవాలి, ఏమీ రాకపోయినా లైను బతికి ఉందని చూసుకోవడానికి అప్పుడప్పుడు లేవాలి. 30 నిమిషాలు పలుకు లేకపోతే సర్వర్ లైను కట్ చేయొచ్చు కాబట్టి, కనీసం 29 నిమిషాలకోసారి ఐడిల్ ఆపి మళ్లీ మొదలుపెట్టమని ఆ ఆర్‌ఎఫ్‌సీ చెబుతుంది. యాప్ 28 నిమిషాలకోసారి అలా చేస్తే రోజుకు 51 సార్లు, పది నిమిషాల మెలకువ. మెయిళ్లు 40 కలుపుకున్నా 18 నిమిషాలే. అంటే 15 నిమిషాల పోలింగ్ ఖర్చుతోనే మెయిల్ క్షణాల్లో చేరుతుంది. కాగితం మీద ఐడిలే గెలిచింది. మరి ఫోన్‌లో ఎందుకు ఓడిపోతుందంటే, సర్వర్ కూడా మధ్యలో మాట్లాడుతుంది కాబట్టి.

మా బావకు కోఠిలో సర్జికల్ సామాన్ల షాపుంది. ఆసుపత్రుల కొనుగోలు విభాగాల నుంచి ఆర్డర్లు, కొటేషన్ అడిగే మెయిళ్లు ఆయన డొమైన్ మెయిల్‌కు వస్తాయి. కొటేషన్ ముందు పంపినవాడికే ఆర్డర్ దొరికే అవకాశం ఎక్కువ. షాపు తమ్ముడికి అప్పజెప్పి ఎల్బీనగర్ దాకా బండి మీద తిరుగుతుంటాడు. "ముందుగాల బ్యాటరీ పోతుండె బామ్మర్దీ. షాపుల పిలగాడు ఏదో ఆప్షన్ నొక్కిండు, గప్పటి సంది బ్యాటరీ నిలుస్తుంది గానీ మెయిల్ వస్తలేదు" అన్నాడు. ఫిర్యాదులు రెండూ ఒకే ఫోన్‌లో ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.

మొదట బ్యాటరీ సంగతి చూశాను. యాప్‌లో ఐడిల్ ఆన్ చేసి ఉంది. సర్వర్ ఏం మాట్లాడుతోందో ల్యాప్‌టాప్ నుంచి నేరుగా చూడొచ్చు. మీ సర్వర్ పేరు వేసుకుని ఇలా కొట్టండి:

```
openssl s_client -crlf -quiet -connect mail.example.in:993
a1 LOGIN orders@example.in password
a2 SELECT INBOX
a3 IDLE
```

పాస్‌వర్డ్ స్క్రీన్ మీద మామూలు అక్షరాల్లోనే కనబడుతుంది కాబట్టి పక్కన ఎవరూ లేనప్పుడు చేయండి. తర్వాత ఏమీ ముట్టుకోకుండా గడియారం చూస్తూ కూర్చోవాలి. అక్కడ వచ్చింది ఇదీ:

```
+ idling
* OK Still here
* OK Still here
* 413 EXISTS
```

చివరి లైను కొత్త మెయిల్ కబురు, ఇన్‌బాక్స్‌లో ఇప్పుడు 413 ఉన్నాయని. అది రావాల్సిందే. మధ్యలో ఆ `Still here` మాత్రం సరిగ్గా రెండు నిమిషాలకోసారి వచ్చింది. హోస్టింగ్ కంపెనీల్లో విరివిగా కనిపించే డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్‌కు అది అలవాటు. దాని `imap_idle_notify_interval` డిఫాల్ట్ విలువే 2 నిమిషాలు. లైను మధ్యలో తెగకుండా ఉండటానికి పెట్టారు, కంప్యూటర్‌కు దానితో ఏ ఇబ్బందీ లేదు. 4జీ మీద ఉన్న ఫోన్‌కు మాత్రం రోజుకు 720 సార్లు రేడియో లేచినట్టు. పన్నెండు సెకన్ల లెక్కన రెండు గంటల 24 నిమిషాలు. 5 నిమిషాల పోలింగ్‌కు రెట్టింపు కంటే ఎక్కువ, అదీ ఒక్క మెయిల్ కూడా రాని రోజున! ఐడిల్ ఆన్‌లో ఉన్నంతవరకు యాప్‌లో ఏ సెట్టింగ్ మార్చినా ఇది తగ్గదు, ఎందుకంటే మాట్లాడుతున్నది అవతలివాడు.

సర్వర్ మీదే అయితే మందు ఒక్క లైను:

```
imap_idle_notify_interval = 29 mins
```

షేర్డ్ హోస్టింగ్‌లో ఇది మన చేతిలో ఉండదు. అడిగి చూడొచ్చు, ఒక్క కస్టమర్ కోసం సర్వర్ అంతటికీ వర్తించే సెట్టింగ్ మార్చరు. బావ విషయంలోనూ మార్చలేదు.

ఇక రెండో ఫిర్యాదు. షాపులో అబ్బాయి నొక్కింది యాప్ బ్యాటరీ సెట్టింగుల్లో `Restricted` అనే ఆప్షన్. దాంతో యాప్ వెనుక నడవడం ఆగిపోయింది, బ్యాటరీ నిలిచింది, మెయిల్ ఆగింది. బావ యాప్ తెరిచినప్పుడు మాత్రం పొద్దుటి నుంచి ఉన్నవన్నీ ఒక్కసారిగా వచ్చి పడుతున్నాయి.

మెయిల్ ఆలస్యం ఎక్కడ జరుగుతోందో ఊహించాల్సిన పని లేదు, కొలవొచ్చు. కంప్యూటర్‌లో ఆ మెయిల్ ప్రయాణ వివరాలుండే హెడర్లు తెరిచి, `Received` అనే లైన్లలో అన్నిటికంటే పైనున్నది చూడండి. అది మీ సర్వర్‌కు మెయిల్ చేరిన టైము:

```
Received: from mx.hospital.example by mail.example.in
    with ESMTPS; Tue, 11 Mar 2025 05:42:10 +0000
```

చివర `+0000` ఉంటే ఐదున్నర గంటలు కలపాలి, అంటే మన టైములో 11:12. ఫోన్ 11:31కి మోగిందంటే 19 నిమిషాలు ఫోన్ వైపు పోయినట్టు. సర్వర్‌కు చేరడమే ఆలస్యమైతే పై లైనుకూ దాని కింది లైన్లకూ మధ్య తేడా కనబడుతుంది. అప్పుడు పోలింగ్, పుష్ మార్చి లాభం లేదు.

ఓ పది మెయిళ్లకు ఇలా చూస్తే ఆలస్యాల తీరులోనే కారణం తెలిసిపోతుంది. ఫోన్ మోగిన టైములు 11:01, 11:16, 11:31 అంటూ సమాన దూరంలో ఉంటే పోలింగ్ నడుస్తోంది. ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉండి, ఫోన్ లాక్ తీసినప్పుడో యాప్ తెరిచినప్పుడో మాత్రమే మెయిళ్లు వస్తుంటే, ఫోన్ ఆ యాప్‌ను పడుకోబెట్టింది. ఆండ్రాయిడ్‌లో 6.0 నుంచి డోజ్ ఉంది. కదలకుండా, స్క్రీన్ ఆపి పెట్టిన ఫోన్‌లో యాప్‌ల నెట్ వాడకాన్ని అది ఆపేసి, మధ్యమధ్య చిన్న కిటికీలు మాత్రమే తెరుస్తుంది. దానికి తోడు కొన్ని ఫోన్ కంపెనీలు తమ సొంత కోతలు పెట్టుకుంటాయి. ఐడిల్ కావాలంటే ఆ యాప్‌ను బ్యాటరీ సెట్టింగుల్లో `Unrestricted` చేయక తప్పదు. అసలు పుష్‌కు ఈ బాధ తక్కువ. ముఖ్యమైనదని గుర్తు వేసి పంపిన కబురు డోజ్‌ను దాటుకుని వచ్చి యాప్‌ను లేపుతుంది.

మూడో తీరు పట్టుకోవడం కష్టం. కొన్ని మెయిళ్లు క్షణాల్లో వస్తాయి, కొన్ని 5, 12, 26 నిమిషాలు ఆలస్యంగా. కానీ ఐడిల్ తాజా చేసే గడువును, అంటే 28 నిమిషాలను ఎప్పుడూ దాటవు. ఇది చచ్చిన లైను లక్షణం. మొబైల్ నెట్‌వర్క్‌లో మీ ఫోన్‌కూ బయటి ఇంటర్నెట్‌కూ మధ్య ఆపరేటర్ పెట్టె ఒకటి ఉంటుంది. ఎవరి కనెక్షన్ ఎవరిదో గుర్తుపెట్టుకునేది అదే. కాసేపు కదలిక లేని లైనును అది మరిచిపోతుంది, మరిచిపోయానని ఎవరికీ చెప్పదు కూడా. సర్వర్ కొత్త మెయిల్ కబురు పంపుతుంది, అది దారిలోనే పోతుంది. ఫోన్ మాత్రం లైను బాగానే ఉందనుకుని కూర్చుంటుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి పెట్టి, సిగ్నల్ పోయి మళ్లీ వచ్చినప్పుడు కూడా ఇలా జరగొచ్చు. సర్వర్ గొడవ తగ్గిద్దామని 29 నిమిషాలు పెట్టినవాళ్లు ఎక్కువగా పడేది ఈ గుంతలోనే. రెండు నిమిషాలకోసారి వచ్చే ఆ `Still here` బ్యాటరీని తిన్నా లైనును బతికిస్తుండేది, దాన్ని తీసేశాక లైను చావడం మొదలవుతుంది. అప్పుడు యాప్‌లో తాజా చేసే గడువును 15 నిమిషాల దగ్గరికి తగ్గించి చూడాలి. అప్పటికీ తెగుతుంటే ఐడిల్ వదిలేసి 15 నిమిషాల పోలింగ్‌కు రావడం మేలు. ఖర్చు అంతే, మెయిల్ ఎంతసేపట్లో వస్తుందో ముందే తెలుస్తుంది.

ఆ 15 అనే అంకె ఎందుకు పదే పదే వస్తోందంటే, ఆండ్రాయిడ్ యాప్‌లకు వెనుక మళ్లీ మళ్లీ నడిచే పనికి మామూలుగా ఇచ్చే కనీస గడువు అదే. ఐఫోన్ మెయిల్ యాప్‌లో `Fetch` కింద అన్నిటికంటే తక్కువ కూడా 15 నిమిషాలే. పోలింగ్‌లో సగటు ఆలస్యం గడువులో సగం కాబట్టి ఏడున్నర నిమిషాలు, మరీ ఎక్కువైతే 15. పది నిమిషాల్లో కాలం చెల్లే ఓటీపీ మెయిల్‌కు ఇది సరిపోదని చాలామంది పుష్ కోసం పట్టుబడతారు. నాకది అనవసరంగా కనిపిస్తుంది. ఓటీపీ వస్తుందని మీకు తెలుసు, ఫోన్ చేతిలోనే ఉంది, ఇన్‌బాక్స్‌ను కిందికి లాగితే అప్పుడే వస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియని మెయిల్, దానికి వెంటనే జవాబివ్వాల్సిన పని, ఈ రెండూ కలిసినప్పుడే పుష్ అవసరం. ఆసుపత్రి కొటేషన్ అడగడం సరిగ్గా అలాంటిది.

మరి సొంత డొమైన్ మెయిల్‌కు అసలు పుష్ దొరకదా? దొరుకుతుంది, దానికో ధర ఉంది. మీ హోస్టింగ్‌వాళ్ల ఐమ్యాప్ సర్వర్‌కు గూగుల్, ఆపిల్ పుష్ లైన్లతో మాట్లాడటం మామూలుగా రాదు. మధ్యలో యాప్ కంపెనీ సర్వర్ ఒకటి ఉండాలి. అది మీ బదులు మీ మెయిల్‌బాక్స్‌లో లాగిన్ అయి, అక్కడ ఐడిల్ పట్టుకుని, మెయిల్ రాగానే ఫోన్‌కు కబురు పంపుతుంది. ఫోన్‌కు హాయి. కానీ మీ మెయిల్‌బాక్స్ తాళంచెవి వాళ్ల దగ్గర ఉంటుంది. కొన్ని యాప్‌లు ఈ సంగతి సెటప్ స్క్రీన్‌లో చిన్న అక్షరాల్లో చెబుతాయి. క్లయింట్ల పాన్, బ్యాంకు కాగితాలు వచ్చే సీఏ ఆఫీసు మెయిల్‌కు నేనైతే ఇది పెట్టను. ఫ్లెక్సీ ప్రింటింగ్ ఆర్డర్ల మెయిల్‌కైతే పెట్టుకోవచ్చు.

బావకు మధ్యేమార్గం చేశాం. డొమైన్ మెయిల్‌కు ఐడిల్ తీసేసి, 15 నిమిషాల పోలింగ్ పెట్టి, షాపు తెరిచి ఉండే పొద్దున 9 నుంచి రాత్రి 8 వరకే నడిచేలా చేశాం. రోజుకు 44 సార్లు, తొమ్మిది నిమిషాల మెలకువ. అన్ని యాప్‌లలో ఈ వేళల ఆప్షన్ ఉండదు, అందుకే ఆయన యాప్ కూడా మార్చాల్సి వచ్చింది. త్వరగా జవాబు కావాల్సిన ఆసుపత్రుల డొమైన్లు కొన్నే. వాటి నుంచి వచ్చిన మెయిళ్ల కాపీని ఆయన జీమెయిల్‌కు పంపేలా హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో ఫిల్టర్ రాశాం. ఫోన్‌లో జీమెయిల్ పుష్ ఉండనే ఉంది కాబట్టి ఆ కాపీ రాగానే మోగుతుంది. ఆఫర్లు, న్యూస్‌లెటర్లు దారి మళ్లవు కాబట్టి పుష్ మెయిళ్లు రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. షాపులో కంప్యూటర్‌కు బ్యాటరీ బాధ లేదు కనుక అక్కడ థండర్‌బర్డ్‌లో ఐడిల్ అలాగే ఉంచాం.

ఈ ఏర్పాటులో చూసుకోవాల్సినవి రెండు. ఫిల్టర్ రాసేటప్పుడు కాపీ అసలు ఇన్‌బాక్స్‌లో కూడా మిగిలేలా చేయాలి, లేకపోతే ఆర్డరు జీమెయిల్‌లో మాత్రమే ఉండి షాపు కంప్యూటర్‌లో కనబడదు. రెండోది, దారి మళ్లించిన మెయిల్ పంపినవాళ్ల సర్వర్ నుంచి కాక మీ సర్వర్ నుంచి వచ్చినట్టు జీమెయిల్‌కు కనిపిస్తుంది కాబట్టి ఆ డొమైన్ పేరుతో పంపే హక్కు ఏ సర్వర్లకుందో చూసే ఎస్‌పీఎఫ్ పరీక్షలో తప్పి స్పామ్‌లో పడొచ్చు. మెయిల్ తమదేనని, దారిలో మారలేదని రుజువు చేసే డీకిమ్ సంతకం పంపినవాళ్లు చేసి ఉంటే, మధ్యలో ఏమీ మార్చకుండా పంపినంత వరకు ఆ సంతకం చెల్లుతుంది, ప్రమాదం తగ్గుతుంది. మొదటి వారం జీమెయిల్ స్పామ్ ఫోల్డర్ రోజూ చూసి, అక్కడ పడ్డవాటిని `Not spam` నొక్కి, ఆ ఆసుపత్రి చిరునామాకు జీమెయిల్‌లో "స్పామ్‌కు పంపవద్దు" అనే ఫిల్టర్ కూడా పెట్టుకోవాలి.

ఐఫోన్ వాడేవాళ్లకు ఎంపిక ఇంకా చిన్నది. అందులోని మెయిల్ యాప్ ఐక్లౌడ్‌కు, ఎక్స్ఛేంజ్ అకౌంట్లకు పుష్ ఇస్తుంది, మామూలు ఐమ్యాప్ అకౌంట్లకు `Fetch` మాత్రమే. జీమెయిల్‌ను అందులో పెట్టుకున్నా ఫెచ్చే, పుష్ కావాలంటే జీమెయిల్ యాప్ వేసుకోవాలి. `Automatically` అని ఉంచితే ఛార్జింగ్‌లో, వైఫైలో ఉన్నప్పుడే వెనుక తెస్తుంది. బయట తిరిగే మనిషికి అది పనికిరాదు. 15 నిమిషాలు ఎంచుకుని, తొందర మెయిళ్లకు పైన చెప్పిన కాపీ పద్ధతే పెట్టుకోండి.